ఎల్ఈడీ టీవీకి స్టెబిలైజర్ కావాలా, స్పైక్ బాక్స్ చాలా?

"కావలి దగ్గర పల్లె మాది. సాయంత్రం కరెంటు 160కి పడిపోతుంది, ఒక్కోసారి బల్బులు భగ్గుమంటాయి. టీవీకి ఏది కొనాలి?"

ముందు టీవీ వెనక స్టిక్కర్ చూడండి. 100-240V~ అని ఉంటే 160 వోల్టులు దానికి ఇబ్బందే కాదు, లోపలి పవర్ బోర్డే సర్దుకుంటుంది, కాబట్టి లో వోల్టేజి కోసం స్టెబిలైజర్ కొనడం దండగ.

నాకు భయం ఆ భగ్గుమనడం గురించే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ వైరు వదులైతే కొన్ని ఇళ్లలో బల్బులు మసకబారి, మరికొన్నింట్లో ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, వోల్టేజి 300 దాటి 400 దాకా పోవచ్చు. స్పైక్ బాక్స్ దీన్ని ఆపలేదు. అందులోని ఎంఓవీ అనే చిన్న బిళ్ల క్షణంలో వచ్చిపోయే పోటుకే పనికొస్తుంది, ఎక్కువసేపు హై వోల్టేజి తగిలితే అదే మాడిపోతుంది. అందుకని హై కటాఫ్ ఉన్న టీవీ స్టెబిలైజర్ తీసుకోండి, వోల్టేజి హద్దు దాటగానే టీవీకి కరెంటు కట్ చేస్తుంది. బల్బులు మళ్లీ భగ్గుమంటే వెంటనే మెయిన్ ఆపేసి లైన్‌మన్‌కి చెప్పండి.

పిడుగుల వానలో మాత్రం రెండూ నమ్మొద్దు, ఉరుములు దగ్గర పడకముందే ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా పీకేయండి.