బిల్లుల మధ్య మాయమైన నలభై వేల కిలోమీటర్లు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. 2017 జూన్‌లో రిజిస్టరైన డీజిల్ స్విఫ్ట్ డిజైర్ ఒకటి చూశాను. మీటరులో 58,400 కిలోమీటర్లు ఉంది. యజమాని రూ.5,25,000 చెబుతున్నారు. అదే ఏడాది బండ్లు లక్ష దాటి తిరిగినవి రూ.4,40,000కే ఉన్నాయి. నా దగ్గర రూ.1,75,000 ఉంది. మిగతా రూ.3,50,000కు 13 శాతం వడ్డీతో అయిదేళ్ల అప్పు ఇస్తామంటున్నారు. తక్కువ తిరిగిన బండి కదా, అంత పెట్టవచ్చా? సర్వీసు బిల్లుల ఫొటోలు పంపుతున్నాను. – ఒక పాఠకుడు

జవాబు: లక్ష తిరిగిన బండికీ దీనికీ మధ్య తేడా రూ.85,000. అంటే ఆ డబ్బు మీరు కడుతున్నది కారుకు కాదు, మీటరు మీది అంకెకు. కాబట్టి ముందు ఆ అంకె నిజమో కాదో తేల్చుకుందాం. వడ్డీ సంగతి తరువాత.

మీరు పంపిన బిల్లులను నేను తేదీల వరుసలో పెట్టి, ప్రతి దాని పక్కన ఆ రోజు మీటరు రీడింగు రాసుకున్నాను. మొత్తం కిలోమీటర్లు ఎన్ని అన్నది అంతగా పట్టించుకోను. నెలకు ఎంత తిరిగింది అన్నదే చూస్తాను. మనిషి ఉద్యోగం, ఇల్లు మారకపోతే బండి తిరుగుడు కూడా పెద్దగా మారదు. మీ కారు 2018 జనవరిలో 10,100 దగ్గర ఉంది. 2018 ఆగస్టులో 20,300, 2019 మార్చిలో 31,000, 2019 నవంబరులో 42,500. లెక్క వేస్తే నెలకు సుమారు 1,470 కిలోమీటర్లు. ఊళ్లు తిరిగే ఉద్యోగం చేసే మనిషి బండి ఇది. డీజిల్ కారు కొన్నది కూడా అందుకే అయి ఉంటుంది.

ఆ తరువాతి బిల్లు ఏకంగా 2022 సెప్టెంబరుది. అందులో రీడింగు 44,100. ముప్ఫై నాలుగు నెలల్లో 1,600 కిలోమీటర్లు! నెలకు యాభై కూడా లేదు. కరోనా కాలంలో బండి తీయలేదని యజమాని చెప్పారని రాశారు. లాక్‌డౌన్ నెలలకు ఆ మాట సరిపోతుంది, మూడేళ్లకు సరిపోదు. పైగా అంతకుముందు బిల్లులన్నీ కంపెనీ సర్వీసు కేంద్రంలో కంప్యూటర్ మీద తీసినవి. ఈ ఒక్కటి మాత్రం బయటి గ్యారేజీలో చేత్తో రాసినది. బయటి గ్యారేజీకి వెళ్లడం తప్పేమీ కాదు, నేనూ వెళ్తాను. కానీ తిరుగుడు పడిపోవడం, బిల్లుల దారి మారడం, యజమాని మారడం మూడూ ఒకే చోట కలిస్తే అక్కడ ఆగి చూడాలి. మీ ఆర్‌సీ ప్రకారం ప్రస్తుత యజమాని రెండో వ్యక్తి, ఆయన పేరు మీదకు బండి వచ్చింది 2022లోనే.

అందుకే యజమానిని వెంట తీసుకుని కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళ్లమని ఫోనులో చెప్పాను. యజమాని అడిగితే బండి నంబరు మీద, ప్రతిసారీ చేసిన పని రాసి ఉంచే పాత జాబ్ కార్డుల వివరాలు చూపిస్తారు. బండి లోపలికి వచ్చిన ప్రతిసారీ, అది బ్రేకు శబ్దం కోసమే అయినా, రీడింగు నమోదు చేయడం అక్కడి పద్ధతి. యజమాని చేతిలోని ఫైలులోంచి ఒక కాగితం తీసేయడం తేలిక. సర్వీసు కేంద్రం కంప్యూటరులోంచి తీయడం అంత తేలిక కాదు. మీరు తెచ్చిన ప్రింటులో, మీ ఫైలులో లేని ఒక పద్దు ఉంది: 2021 ఫిబ్రవరి, 61,200 కిలోమీటర్లు, క్లచ్ సెట్టు మార్పిడి.

2021లో 61,200 చూపిన మీటరు 2022లో 44,100 చూపిస్తోంది.

ఇక్కడ తొందరపడి మోసం అనేయకూడదు. నిజాయతీ గల కారణాలు రెండు ఉండవచ్చు. ఒకటి, సర్వీసు కేంద్రంలో అంకె తప్పు కొట్టడం. అలాగైతే ముందు వెనుక పద్దులతో అది పొసగదు. ఇక్కడ మాత్రం 2019 నవంబరు నుంచి 15 నెలల్లో 18,700 పెరిగింది, నెలకు సుమారు 1,250. లాక్‌డౌన్ కలుపుకుని చూస్తే పాత తీరుకు చక్కగా సరిపోతోంది. పైగా 42,500 దగ్గర క్లచ్ అరిగిపోవడం కంటే 61,200 దగ్గర అరిగిపోవడమే నమ్మదగినది. రెండోది, మీటరు పాడై కొత్తది బిగించడం. కొత్త మీటరు సాధారణంగా సున్నా నుంచి మొదలవుతుంది, దానికి బిల్లు ఉంటుంది. పాత అంకె కంటే పదిహేడు వేలు తగ్గి మొదలయ్యే కొత్త మీటరు ఉండదు.

మిగిలింది ఒక్కటే. డిజిటల్ మీటరులో అంకె ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది. డాష్‌బోర్డు కింది సాకెట్టుకు పరికరం తగిలించి, లేదా మీటరు విప్పి, దాన్ని మార్చేస్తారు. పాత ముళ్ల మీటర్లలో అంకెల చక్రాలు వరుస తప్పి కనిపించేవి, ఇప్పుడు ఆ జాడ కూడా ఉండదు. మెకానిక్ దగ్గర స్కానరు ఉంటే ఒక విషయం అడిగి చూడండి. కొన్ని బండ్లలో ఇంజన్ కంప్యూటరు చివరిసారి లోపాల కోడ్‌లు చెరిపాక ఎంత దూరం నడిచిందో విడిగా లెక్క పెట్టుకుంటుంది. ఆ దూరం మీటరు కంటే ఎక్కువ ఉంటే ఇక వాదన అక్కర్లేదు. తక్కువ ఉంటే మాత్రం ఏమీ రుజువు కాదు, ఎందుకంటే సర్వీసులో కోడ్‌లు చెరపడం మామూలే.

ఇప్పుడు నిజమైన అంకె అంచనా వేద్దాం. 2021 ఫిబ్రవరిలో 61,200. అక్కడి నుంచి 2022 సెప్టెంబరు వరకు 19 నెలలు, నెలకు 1,250 చొప్పున 23,750. అంటే చేతులు మారే నాటికి దాదాపు 85,000. ఆ తరువాత మీటరు 44,100 నుంచి 2024 మార్చికి 52,600కు, 2025 ఏప్రిల్‌కు 58,400కు చేరింది. రెండు విడతల్లోనూ నెలకు 470, 450 చొప్పున నిలకడగా నడిచింది. ఈ 14,300 నిజమైన దూరమే అనిపిస్తోంది. అన్నీ కలిపితే 99,000 పైచిలుకు. మధ్యలోని 19 నెలలు నా అంచనా మాత్రమే, అయిదారు వేలు అటూ ఇటూ కావచ్చు. బండి మాత్రం లక్ష వర్గానిదే.

గమనించారా, ఈ లెక్క ప్రకారం అంకె మారింది ప్రస్తుత యజమాని చేతిలో కాక, ఆయన కొనడానికి ముందే అయి ఉండవచ్చు. ఆయన కూడా మీలాగే తక్కువ తిరిగిందని ఎక్కువ పోసి కొని ఉండవచ్చు. కాబట్టి దొంగను పట్టుకున్నట్టు మాట్లాడకండి, కాగితం ముందు పెట్టి మాట్లాడండి. మంచి మనిషి అమ్ముతున్నాడన్నది బండి గురించిన సమాచారం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. నా మొదటి కారు అలాంటి మంచి మనిషి దగ్గరే కొన్నాను. బ్రేకు పెడల్ రబ్బరు కొత్తగా మెరుస్తుంటే ముచ్చటపడ్డాను తప్ప, నలభై వేలు తిరిగిన బండికి అది మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందని అడగలేదు.

నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది ఆయిలు. ఈ ఇంజనుకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందు వస్తే అప్పుడు ఆయిలు మార్చాలి. రెండో షరతును చాలామంది మరిచిపోతారు. 2021 ఫిబ్రవరి నుంచి 2022 సెప్టెంబరు దాకా బిల్లు లేదు. అంటే ఇరవై వేలకు పైగా పాత ఆయిలుతోనే నడిచి ఉండవచ్చు. ఆ తరువాత 18 నెలల విరామం. 2024 మార్చి బిల్లు మీద పెద్దగా ‘సర్వీసు’ అని రాసి ఉంది కానీ, లోపలి వరుసలు చదవండి: ఆయిలు ఒక లీటరు, వాటర్ వాష్, వీల్ అలైన్‌మెంట్. ఈ ఇంజనులో ఆయిలు మార్చాలంటే మూడు లీటర్ల దాకా పడుతుంది, దానితోపాటు ఆయిల్ ఫిల్టరు వరుస కూడా ఉండాలి. ఒక లీటరు, ఫిల్టరు లేదు అంటే అది మార్చడం కాదు, తగ్గినది నింపడం. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజను తాగుతోంది. డీజిల్ ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో తిరిగేది ఈ ఆయిలు ఆధారం మీదే. పాడైన ఆయిలుతో ముందు దెబ్బతినేది అదే, బాగు చేయించడం ఖరీదైన పని కూడా అదే.

అందుకని రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే మీ ముందు స్టార్టు చేయించండి. మధ్యాహ్నం వెళితే ముందే వేడి చేసి ఉంచుతారు. గొట్టంలోంచి నీలిరంగు పొగ వస్తుందా, టర్బో గొట్టాల దగ్గర ఆయిలు చెమ్మ ఎంత ఉందో మీ మెకానిక్ చూడాలి, అమ్మేవారి మెకానిక్ కాదు. టైర్ల మీద తయారీ తేదీ 3422 అని ఫొటోలో ఉంది, అంటే 2022లో 34వ వారం. 2022లో బండి చేతులు మారిన రోజుల్లో వేసిన టైర్లు కావచ్చు. ఇంకా పనికొస్తాయి కాబట్టి ఆ ఖర్చు ఇప్పుడే లేదు.

ఇక డబ్బు. లక్ష తిరిగిన బండి ధర రూ.4,40,000 నుంచి మొదలుపెట్టి, వెంటనే చేయించాల్సిన ఆయిలు, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, సస్పెన్షన్ బుష్‌ల ఖర్చును మీ మెకానిక్ చేత రాయించి తీసేయండి. నేనైతే రూ.4,00,000 దగ్గర మాట మొదలుపెడతాను, రూ.4,15,000 దాటను. టర్బోలో లోపం కనిపిస్తే ఆ ధరకు కూడా వద్దు.

చేతిలోని 1,75,000 మొత్తం ముందే కట్టే ఆలోచన మానండి. లక్ష తిరిగిన బండికి మరమ్మతుల కోసం రూ.60,000 విడిగా బ్యాంకులో ఉండాలి. మిగతా 1,15,000 కట్టి, 3,00,000 అప్పు మూడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు రూ.10,100, మొత్తం వడ్డీ రూ.64,000. మీరు అనుకున్న 3,50,000 అయిదేళ్లకైతే వాయిదా రూ.7,960 గానీ, వడ్డీ రూ.1,28,000 దాకా వెళ్తుంది. పైగా చివరి రెండేళ్లు వాయిదాతోపాటు మరమ్మతులూ కట్టాల్సి రావచ్చు. నెలకు రూ.10,100 మీకు బరువైతే ఈ ధర కారు ఇప్పుడు వద్దు.

బేరం కుదిరితే, పేరు మార్పిడి ఫారాలు 29, 30 కాకుండా విడిగా అమ్మకం ఒప్పందం రాయించుకోండి. అందులో ఆ రోజు మీటరు రీడింగు, 2021లో 61,200 నమోదైన సంగతి, అసలు దూరం మీటరు కంటే ఎక్కువని ఇద్దరికీ తెలుసన్న మాట ఉండాలి. రేపు మీరు అమ్మేటప్పుడు మీ మీద నింద పడకుండా ఉండడానికి కూడా అది కావాలి. ఆ కాగితం మీద యజమాని సంతకం చేసే దాకా బయానా ఇవ్వకండి.