శుభలేఖలో శుక్రవారం, క్యాలెండర్లో శనివారం

సందేహం: మా అమ్మాయి పెళ్లికి, కాబోయే అల్లుడి ఆఫీసులో పనిచేసే జర్మన్ ఆవిడ వస్తున్నారు. శుభలేఖను ఫొటో తీసి పంపి, ఇందులో ఏముందో ఇంగ్లీషులో రాసి పంపమన్నారు. ‘చి.ల.సౌ.’, ‘శుక్రవారం రాత్రి తె. 2-47 ని.లకు సుముహూర్తం’, ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు’ దగ్గర ఆగిపోయాను. ఆ ఫొటో మీకూ పంపుతున్నాను. వీటిని ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, ముందు తేదీ సంగతి తేల్చుకుందాం. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఆవిడ పెళ్లికి వస్తారు. ఇది తప్పితే ఖాళీ మండపానికి వస్తారు.

ఫొటోలో బంగారు అక్షరాల మీద ఫ్లాష్ పడి, 2-47 పక్కనున్న ముక్క చెరిగిపోయింది. మామూలుగా అక్కడ బ్రాకెట్లో ‘తెల్లవారితే శనివారం’ అని ఉంటుంది. మీ దగ్గరున్న కార్డులో చూసుకోండి. ‘తె.’ అంటే తెల్లవారుజామున. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా ఉంటుంది కాబట్టి, అర్ధరాత్రి దాటినా మనకింకా శుక్రవారమే. ఆవిడ ఫోనులో మాత్రం 12 కొట్టగానే 7వ తేదీ పోయి 8వ తేదీ శనివారం వచ్చేస్తుంది. మీరు కార్డులో ఉన్నట్టే ‘7వ తేదీ, శుక్రవారం, 2.47 ఏఎం’ అని రాస్తే ఆవిడ గురువారం రాత్రే బయల్దేరి వస్తారు. పోనీ అని ‘శనివారం రాత్రి’ అని సర్దితే, అప్పటికి పెళ్లికూతురు అత్తారింట్లో ఉంటుంది. అందుకని కార్డు మాటను పక్కనపెట్టి ఇలా రాయండి: “7వ తేదీ శుక్రవారం రాత్రి భోజనానికి రండి. ముహూర్తం ఆ రాత్రి గడిచేలోపే, అంటే 8వ తేదీ శనివారం తెల్లవారుజామున 2.47కి.”

ఇక ఆ 2.47కి జరిగేదేమిటి? చాలామంది ‘తాళి కట్టే సమయం’ అని అనువదిస్తారు. మన పెళ్లిళ్లలో సాధారణంగా సుముహూర్తం అంటే జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం. వధూవరుల మధ్య తెర ఉంటుంది. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో ఉంచి, సరిగ్గా ఆ నిమిషానికి ఒకరి నడినెత్తిన ఒకరు పెడతారు. తెర తొలగుతుంది. మంగళసూత్రధారణ ఆ తర్వాత, తలంబ్రాలు ఇంకా తర్వాత. తాళి కట్టేటప్పుడు చూద్దాంలే అని మూడింటికి వచ్చినవాళ్లకు అసలు ముహూర్తం దాటిపోతుంది. ఆవిడను రెండింటికల్లా ముందు వరసలో కూర్చోబెట్టండి. చేతిలో పెట్టిన అక్షతలు తినేవి కావనీ, గట్టిమేళం మోగగానే వధూవరుల మీద వేయాలనీ ఒక వాక్యం రాయండి. (ముహూర్తం అనే మాటకు పాత లెక్కలో రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు. అది కార్డుల్లో ఒక్క నిమిషానికి కుదించుకుపోయింది. పురోహితులకు టెన్షన్ అందుకే.)

‘చి.ల.సౌ.’ పేరులో భాగం కాదు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అన్నదానికి పొడి అక్షరాలు. సౌభాగ్యవతి అంటే భర్త ఉన్న స్త్రీ. ఇంకా పెళ్లి కాని పిల్లకు ఆ మాట ముందే తగిలించడం దీవెన. ఇంగ్లీషు అక్షరాల్లో ‘చిలసౌ’ అని దించితే అది ఇంటిపేరని ఆవిడ అనుకోవచ్చు, కవరు మీద అదే రాయనూ వచ్చు. అనువాదంలో వదిలేసి, ఉత్త పేరు రాయండి. వరుడి పేరు ముందున్న ‘చి.’ కూడా అంతే.

‘మదర్పిత’ చూడగానే ఇంగ్లీషు ‘మదర్’ గుర్తొచ్చిందని ఒకరు నాతో అన్నారు. తల్లికి దీనితో సంబంధం లేదు. మత్ + అర్పిత, అంటే నేను సమర్పించిన. ‘మధర్పిత’ అని అచ్చేసిన కార్డులు నా దగ్గర అరడజను దాకా ఉన్నాయి. మీ కార్డులో ఒత్తు లేదు, సంతోషం. వచ్చినవారికి గంధం పూసి, వెళ్లేటప్పుడు తాంబూలం ఇచ్చే మర్యాదలోంచి పుట్టిన మాట ఇది. ‘గంధం, తమలపాకులు స్వీకరించండి’ అని మాటకు మాట పెడితే ఆవిడకు ఏదో కానుకల జాబితాలా కనిపిస్తుంది. ‘మా ఆతిథ్యం స్వీకరించండి’ చాలు. దాని ముందున్న ‘సకుటుంబ సపరివార సమేతముగా’లో ‘తో’ అనే అర్థం మూడుసార్లు వచ్చింది, అనువాదంలో ఒక్కటి ఉంచితే సరి. అయితే ఆవిడ భర్తనూ పిల్లలనూ కూడా నిజంగానే పిలుస్తున్నారని విడిగా రాయండి. కార్డు మీద పేరున్నవారికే పిలుపు అనుకునే అలవాటున్న చోటి నుంచి వస్తున్నారు కదా, ఈ సమాసం చూసి వాళ్లను వెంటబెట్టుకు రారు.