ప్రమోషన్ వచ్చిన కొలీగ్‌కి ఏం రాయాలి?

"మా టీమ్‌లో ఒకావిడ లీడ్ అయ్యారు. గ్రూపులో అందరూ 'కంగ్రాట్స్' పెట్టేశారు. నాకు నిజంగానే సంతోషంగా ఉంది. అది తెలిసేలా ఏం రాయాలి?"

గ్రూపులో మీరూ ఒక ముక్క పెట్టేయండి, అసలు మెసేజ్ మాత్రం ఆవిడకి విడిగా పంపండి. అందులో ఆవిడ చేయగా మీరు కళ్లారా చూసిన పని ఒక్కటి చెప్పి, దానివల్ల మీకేం మారిందో రాయండి. ఉదాహరణకి:

"కంగ్రాట్స్ అండీ. రిలీజ్ రాత్రి పేమెంట్ పేజీ ఆగిపోయినప్పుడు, తప్పెవరిదని అడక్కుండా ముందు పాత వెర్షన్ పెట్టించారు. మర్నాడు క్లయింట్ కాల్‌లో నన్ను ముందుకి తోయకుండా మీరే మాట్లాడారు. అప్పట్నుంచి ఏదైనా తేడా జరిగితే దాచకుండా చెప్పేస్తున్నాను. మీరు లీడ్ అయినందుకు చాలా సంతోషం."

రాశాక ఆవిడ పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టి చదవండి. అప్పుడూ సరిపోయిందంటే మళ్లీ రాయాల్సిందే. "చాలా కష్టపడతారు" అన్నది ఎవరికైనా అతుకుతుంది.

"ఎట్టకేలకు వచ్చింది" అనకండి, ఆలస్యాన్ని ఎత్తిచూపినట్టుంటుంది. అదే పోస్టుకి పోటీపడ్డవాళ్ల ఊసూ వద్దు. "పార్టీ ఎప్పుడు?" అంటారా, అది గ్రూపులో ఈపాటికి ఎవరో అడిగేసే ఉంటారు! నాలుగైదు వాక్యాలు దాటితే మాత్రం సన్మానపత్రంలా తయారవుతుంది.