పది రోజులు నోటుబుక్కులో రాసి చూడు

చి.ల.సౌ. అనూరాధను పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం ఫోన్లో గొంతు తగ్గించి "ఆయనకి ఇంకా చెప్పలేదు పెద్దమ్మా" అన్నప్పుడే సంగతి సగం అర్థమైంది. టెలిగ్రామ్‌లో షేర్ మార్కెట్ టిప్స్ గ్రూపు, ప్రీమియంలో చేరితే నెలకు 2,999 రూపాయలు, రోజూ రెండు కాల్స్, అంటే ఏది ఎంతకు కొనాలో, ఎంతకు అమ్మాలో చెప్పే మెసేజ్‌లు, రోజుకు రెండు శాతం లాభం గ్యారంటీ. చీటీ పాడితే వచ్చిన 60 వేలు చేతిలో ఉన్నాయి. "ఒక్క నెల చూస్తాను, పోతే మూడు వేలేగా" అన్నావు. బాబు ట్యూషన్ ఫీజు నీ సంపాదనతో కట్టాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఆ కోరికను పట్టుకునే వాళ్లు నీదాకా వచ్చారని నా బాధ.

ఫోన్లో అన్నీ చెప్పలేక ఇలా రాస్తున్నాను. గుంటూరులో షేర్లు కొని అమ్మిపెట్టే సబ్‌బ్రోకర్ ఆఫీసులో 19 ఏళ్లు టెర్మినల్ ముందు కూర్చున్నాను. అప్పట్లో టెలిగ్రామ్ లేదు, టిప్స్ ఎస్సెమ్మెస్‌లో వచ్చేవి. ఒకరోజు ఉదయం పదిన్నరకు మా ఆఫీసు ఫోన్లు మూడూ ఒకేసారి మోగాయి. ముగ్గురూ వేర్వేరు ఊళ్ల వాళ్లు, ముగ్గురూ అడిగింది ఎవరికీ తెలియని ఒకే చిన్న కంపెనీ షేరు. స్క్రీన్ మీద చూస్తే రేటు కళ్లముందే ఎక్కుతోంది. ఎంతమంది కొంటున్నా అమ్మేవాడి దగ్గర సరుకు మాత్రం తరగడం లేదు. ఆ మెసేజ్ పంపించినవాడి సరుకే అదని నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది.

ఆ ముగ్గురిలో ఒక మాస్టారి గారి భార్య ఉన్నారు. 34 రూపాయల చొప్పున 2,000 షేర్లు, అంటే 68 వేలు. మర్నాటి నుంచి లోయర్ సర్క్యూట్. రోజుకు అయిదు శాతం పడేది, అక్కడితో ఆగిపోయేది, కొనేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. రోజూ తొమ్మిదింటికల్లా ఆఫీసుకొచ్చి, నా కుర్చీ వెనక నిలబడి "ఇవాళ అమ్ముడవుతాయా అమ్మా" అని అడిగేవారు. పదకొండో రోజున 19 రూపాయల చిల్లరకు అమ్మగలిగాను. దాదాపు 30 వేలు పోయాయి. ఆర్డరు కొట్టిన చెయ్యి నాది. కొనేముందు "ఈ షేరెందుకండీ" అని ఒక్క మాట అడగలేదే అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే నిన్ను ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నాను.

ఇక నీ గ్రూపు సంగతికి వస్తాను. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో కాల్ ఇలా ఉంది: NIFTY 25000 CE BUY ABOVE 100, SL 85, TGT 115/130/150. నిఫ్టీ అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ, అది ఎటు కదులుతుందన్న దానిమీద కొని అమ్మే పందెంలాంటిదే ఆప్షన్. ఆ నిఫ్టీ ఆప్షన్ రేటు 100 దాటితే కొనమని, 85కి పడితే నష్టానికే వదిలేయమని, 115 వస్తే మొదటి టార్గెట్ అని అర్థం. సాయంత్రం వాళ్లు "టార్గెట్ 1 డన్, లాట్‌కు 975 లాభం" అని పెట్టారు. లాట్ అంటే ఒక్కసారికి కొనాల్సిన కనీస కట్ట. 2026 జనవరి నుంచి నిఫ్టీ లాట్ 65 కాబట్టి, 15 పాయింట్లను 65తో గుణిస్తే 975 వస్తుంది. లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క నీది కాదు, అంతే.

ఎందుకంటే నువ్వు 100కి కొనలేవు. మెసేజ్ 9:47కి వచ్చిందనుకో. నువ్వు కుక్కర్ కట్టేసి, ఫోన్ తీసి, యాప్ తెరిచి, ఆర్డరు పెట్టేసరికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో గ్రూపులో వాళ్లంతా అదే కొంటున్నారు. నిఫ్టీ సాధారణంగా ఒక గ్రూపు తోస్తే కదిలేది కాదు. కానీ కాల్ ఇచ్చేదే రేటు కదలడం మొదలయ్యాక, పైగా నువ్వు వెనక వస్తున్నావు. నీకు 108 పడిందనుకుందాం.

ఇప్పుడు చూడు. టార్గెట్ 115 వస్తే నీకు మిగిలేది 7 పాయింట్లు, అంటే 455 రూపాయలు. బ్రోకరేజీ, పన్నులు అన్నీ కలిపి కొనడానికి, అమ్మడానికి సుమారు 60 పోతాయి. చేతికొచ్చేది 395. అదే 85కి పడితే పోయేది 23 పాయింట్లు, 1,495 రూపాయలు, దానిమీద అదే 60 చార్జీ. మొత్తం 1,555. అంటే నాలుగుసార్లు గెలిచినది ఒక్కసారి ఓడితే పోతుంది. అయిదు కాల్స్‌లో నాలుగు కరెక్టయినా నువ్వు మొదలుపెట్టిన చోటే ఉంటావు, పైన నెలకు 2,999 కట్టి. వాళ్ల లెక్కలో మాత్రం అవే అయిదు కాల్స్‌లో నాలుగు గెలుపులు, ఒక ఓటమి. వచ్చింది 3,900, పోయింది 975. ఇద్దరూ చూసింది ఒకే కాల్‌ని, ఒకే చార్టుని.

ఆ ఎనిమిది పాయింట్ల తేడానే మొత్తం తినేస్తుంది, అమ్మాయ్. వాళ్లు అబద్ధం ఒక్కటి కూడా ఆడకపోయినా ఇదే జరుగుతుంది. పైగా 115 తగిలి వెనక్కి పడిన రోజున "టార్గెట్ 1 డన్" అంటారు. 150కి వెళ్లిన రోజున "మూడు టార్గెట్లూ డన్" అని మూడో టార్గెట్ లాభం వేసుకుంటారు. ఎక్కడ అమ్మాలో ముందు చెప్పకుండా, అయిపోయాక ఎంచుకుంటున్నారన్నమాట. నీకు ఆ వీలు లేదు. నువ్వు 115 దగ్గర అమ్మాలో, 130 దాకా ఆగాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి.

రెండు శాతం మాట కూడా చూద్దాం. మార్కెట్ ఏడాదికి సుమారు 250 రోజులు తెరిచి ఉంటుంది. లక్ష రూపాయలకు రోజూ రెండు శాతం వస్తూ, వచ్చింది మళ్లీ అందులోనే పెడుతూ పోతే ఏడాది చివరికి కోటీ 41 లక్షలవుతుంది. క్యాలిక్యులేటర్లో నువ్వే చూసుకో. ఆ విద్య తెలిసినవాడికి నీ 2,999తో పనేమిటి? షేర్ మార్కెట్‌ను అదుపులో ఉంచే ప్రభుత్వ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడ్ చేసిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఒక్కొక్కరికి సగటున రెండు లక్షల దాకా పోయింది. వాళ్లలో చాలామంది చేతిలో ఇలాంటి టిప్స్ ఉండే ఉంటాయి.

ఇవన్నీ నా మాట మీద నమ్మనక్కర్లేదు. పది మార్కెట్ రోజులు పైసా కట్టకుండా, ఆ ఉచిత గ్రూపులో వచ్చే కాల్స్‌నే నోటుబుక్కులో రాయి. పాత కాల్స్ వద్దు, రేపటి నుంచి వచ్చేవే. మెసేజ్ నీ ఫోన్లో కనపడిన టైము రాసి, అదే నిమిషంలో స్క్రీన్‌షాట్ తీసుకో. నువ్వు వంటింట్లో ఉంటే, బయటికొచ్చి చూసిన టైమే నీ టైము, అది మార్చకు. తర్వాత రెండు నిమిషాలకు చార్టులో ఆ ఆప్షన్ రేటెంతో రాయి. అదే నీ కొన్న ధర. మధ్యాహ్నం మార్కెట్ మూశాక నిమిషం నిమిషానికీ రేటు చూపించే చార్టు తెరిచి, ముందు తగిలింది 85ఆ, 115ఆ అన్నది చూడు. చాలా రోజుల్లో రెండూ తగులుతాయి. ముందు 85 తగిలితే నువ్వు నష్టంతో బయటికొచ్చేసినట్టే, తర్వాత 115 వచ్చినా నీకు సంబంధం లేదు. ప్రతి కాల్‌కీ 60 చార్జీ తీసెయ్యి. "అబోవ్ 100" అని ఇచ్చాక 100 దాటనే దాటకపోతే ఆ కాల్‌ను కొట్టెయ్యి.

ఇంకొక పని. ఆ చానెల్ పబ్లిక్‌దైతే, ఒక మెసేజ్ లింక్ కాపీ చేసి చూడు. t.me తర్వాత చానెల్ పేరు, చివర ఒక నెంబరు ఉంటుంది. పోస్టులకు వరసగా ఆ నెంబర్లు పడతాయి. నువ్వు పొద్దున చూసినప్పుడు 412, 413, 414 ఉండి, సాయంత్రానికి 413 మాయమైతే ఎవరో తుడిచేశారని అర్థం. ఒకేసారి నాలుగైదు ఫొటోలు పెడితే అన్ని నెంబర్లు వాడుకుంటుంది కాబట్టి, అంకె దూకిన ప్రతిచోటా మోసమనుకోవద్దు. నీ స్క్రీన్‌షాట్లో ఉన్న కాల్ సాయంత్రానికి లేకపోతే మాత్రం సందేహం అక్కర్లేదు. మెసేజ్ పక్కన edited అని కనపడితే అదీ రాసుకో. "పద్నాలుగు రోజుల్లో పన్నెండు రోజులు లాభమే" అన్నావే, తుడిచేసినవి పోగా మిగిలినవి లెక్కపెట్టావేమోనని నా అనుమానం.

వాళ్ల ప్రొఫైల్లో "సెబీ రిజిస్టర్డ్" అని రాసి ఉందన్నావు. టిప్స్ అమ్మే రీసెర్చ్ అనలిస్టు నెంబరు INHతో మొదలవుతుంది. ఆ నెంబరు అడిగి, sebi.gov.in లో ఉన్న జాబితాలో నువ్వే వెతుకు, వాళ్లు పంపిన లింకు నొక్కి కాదు. నెంబరు దొరికినంత మాత్రాన సరిపోదు. ఎవరిదో నెంబరు తెచ్చి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. జాబితాలో ఉన్న పేరూ, డబ్బు వెయ్యమన్న అకౌంటు పేరూ ఒకటేనా చూడు. ఏ కుర్రవాడి పేరుమీదో యూపీఐ నెంబరు ఇచ్చారంటే అక్కడితో వదిలెయ్యి. నిజంగా రిజిస్టరయినవాళ్లు లాభం గ్యారంటీ అని చెప్పనేకూడదు, అది నిబంధన. అంటే "రోజుకు రెండు శాతం గ్యారంటీ" అన్న ఆ ఒక్క ముక్క చాలు.

నష్టం వచ్చాక ఏం చెబుతారో కూడా ముందే చెబుతాను. "నువ్వు లేటుగా కొన్నావు, వీఐపీ గ్రూపులో కాల్ ముందే వస్తుంది, 9,999 కట్టు" అంటారు. తర్వాత "నీ లాగిన్ ఇవ్వు, మేమే చేస్తాం, లాభంలో వాటా" అంటారు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకు. ప్లేస్టోర్లో లేని యాప్ ఏదైనా వెయ్యమన్నా, అందులో డబ్బు జమ చెయ్యమన్నా ఇంకా ప్రమాదం. అందులో లాభం అంకెల్లో కనపడుతుంది, తీసుకోబోతే టాక్స్ కట్టమంటారు. ఒకవేళ ఇప్పటికే ఏమైనా పంపి నాకు చెప్పకపోయి ఉంటే, సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత నాకు చెయ్యి, నేనేమీ అనను.

ఆ 60 వేలూ ఈ పది రోజులు బ్యాంకులోనే ఉండనీ. అల్లుడికి ఇవాళే చెప్పు. తిడతాడని భయమైతే ఈ ఉత్తరమే చూపించు, నామీద పెట్టెయ్యి. నోటుబుక్కు పేజీలు రోజూ ఫొటో తీసి నాకు పంపితే, పక్కన కూడికలు నేను వేసి పెడతాను. సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, ఖాళీగానే ఉంటాను.

బాబుకు నా ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ
గుంటూరు