వేణువులో గాలి శబ్దం తగ్గి షడ్జం స్పష్టంగా పలకాలంటే

“మాది బొబ్బిలి. వేణువు పట్టి మూడు వారాలైంది. మొదటి రెండు రంధ్రాలు మూసి ‘స’ ఊదితే స్వరం కంటే గాలి శబ్దమే ఎక్కువగా వస్తోంది, కాసేపటికే తల తిరుగుతోంది. ఏం చేయాలి?”

మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ పెదవుల మధ్య సందు అవసరానికి మించి తెరుచుకోవడమే కారణమై ఉండవచ్చు. వెడల్పైన సందులోంచి గాలి చెదిరిపోయి కొంత మాత్రమే రంధ్రపు అంచును తాకుతుంది; ఆ లోటు పూడ్చడానికి మీరు మరింత బలంగా, వేగంగా ఊదుతారు కనుక తల తిరుగుతుంది. అలా తిరిగిన వెంటనే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ కూర్చోండి.

ముందుగా వేణువు పక్కన పెట్టి, తడిపిన చూపుడువేలిని పెదవులకు కొద్ది దూరంలో ఉంచి ఊదండి. చల్లదనం సన్నని గీతలా ఒక్కచోటే తగలాలి. వేలంతా చల్లబడితే పెదవుల మూలలను కొద్దిగా బిగించి, మధ్యభాగాన్ని మాత్రం వదులుగా ఉంచి, సందును బియ్యపు గింజంత చేయండి.

తరువాత వేళ్లన్నీ ఎత్తి, ఊదే రంధ్రంలో సుమారు పావు నుంచి మూడో వంతు వరకు కింది పెదవితో కప్పి, గాలి ఎదుటి అంచుకు తగిలేలా అద్దంలో చూస్తూ ఊదండి. ఊదుతూనే వేణువును లోపలికీ బయటికీ చాలా నెమ్మదిగా తిప్పితే ఒకచోట బుసబుస తగ్గి నాదం నిండుగా వస్తుంది. లోపలికి మరీ తిప్పితే స్వరం మూసుకుపోయి శ్రుతి తగ్గుతుంది, బయటికి మరీ తిప్పితే గాలి శబ్దం పెరుగుతుంది.

ఆ స్థానం నిలిచాకే మొదటి రంధ్రం, ఆపైన రెండోది మూయండి. వేలు పెట్టగానే నాదం చెడితే తప్పు ఊపిరిది కాదు. వేలి కింద సందు ఉందన్నమాట. స్వరం తారస్థాయికి ఎగిరితే ఊపిరి వేగం తగ్గించండి.