సూర్యాస్తమయం టైమ్‌ల్యాప్స్: విరామం, క్లిప్పు నిడివి, కార్డులో చోటు లెక్క

ప్రశ్న: రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు నుండి సూర్యాస్తమయాన్ని టైమ్‌ల్యాప్స్‌గా తీయాలనుకుంటున్నాను. టైమర్‌లో ఎన్ని సెకన్ల విరామం పెట్టాలి? చివరికి ఎంత నిడివి వస్తుంది? నా 64 జీబీ కార్డు సరిపోతుందా? తర్వాత మా ఇంటి నిర్మాణాన్ని కూడా ఇలాగే తీయవచ్చా?

జవాబు:

నేను అదే గట్టు నుండి ఆర్చి వంతెన వైపు కెమెరా పెట్టి రెండు సార్లు తీశాను. మొదటిసారి లెక్క సరిగానే వేసుకున్నా చివరి భాగం చెడిపోయింది కనుక ఆ సంగతి కూడా చెబుతాను.

క్లిప్పు సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడుస్తుందనుకుంటే, లెక్క వేయడానికి మూడు సూత్రాలు చాలు.

```
ఫ్రేములు = క్లిప్పు నిడివి (సెకన్లు) × 25
విరామం = చిత్రీకరణ సమయం (సెకన్లు) ÷ ఫ్రేములు
చోటు = ఫ్రేములు × ఒక ఫైలు పరిమాణం
```

సూర్యుడు అస్తమించడానికి గంట ముందు మొదలుపెట్టి, అస్తమించాక నలభై నిమిషాల వరకు తీస్తే మొత్తం 100 నిమిషాలు, అంటే 6000 సెకన్లు అవుతుంది. 20 సెకన్ల క్లిప్పుకు 500 ఫ్రేములు కావాలి కనుక భాగహారం 12 సెకన్ల విరామాన్ని చూపిస్తుంది. అయితే ఇక్కడే ఆగిపోకూడదు. మన ప్రాంతంలో సూర్యబింబం అంచు దిగంతాన్ని తాకినప్పటి నుండి పూర్తిగా మునగడానికి రెండు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. 12 సెకన్లకు ఒకటి చొప్పున తీస్తే ఆ ఘట్టానికి పది పన్నెండు ఫ్రేములే దక్కుతాయి, తెర మీద అది అర సెకను కూడా నిలవదు. 5 సెకన్ల విరామమైతే అదే ఘట్టం ఒక సెకను పైగా కనిపిస్తుంది, మబ్బులు కూడా గెంతకుండా సాఫీగా కదులుతాయి. అందుచేత కోరుకున్న నిడివి నుండి విరామాన్ని రాబట్టడం కంటే, దృశ్యంలో అన్నిటికంటే వేగంగా కదిలేదానికి తగిన విరామాన్ని ముందు ఎంచుకుని, నిడివి ఎంత వస్తుందో తర్వాత చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆ ప్రకారం 6000ను 5తో భాగిస్తే 1200 ఫ్రేములు, అంటే 48 సెకన్ల క్లిప్పు వస్తుంది. ఎక్కువనిపిస్తే ఎడిటింగ్‌లో వేగం పెంచుకోవచ్చు, కానీ తీయని ఫ్రేమును తర్వాత తెచ్చుకోలేము. నా కెమెరాలో రా ఫైలు సుమారు 28 ఎంబీ ఉంటుంది కనుక 1200 ఫ్రేములకు 33.6 జీబీ పట్టింది. దానితో పాటు 10 ఎంబీ జేపెగ్ కూడా తీస్తే 45.6 జీబీ అవుతుంది, అదీ మీ కార్డులో సరిపోతుంది. విరామాన్ని 3 సెకన్లకు తగ్గిస్తే 2000 ఫ్రేములకు 76 జీబీ కావాలి కనుక అప్పుడు రా మాత్రమే తీయాలి. మీ కెమెరా ఫైలు పరిమాణం ఎంతో ముందురోజు సాయంత్రం అదే చోట పది ఫోటోలు తీసి సరాసరి చూసుకోండి.

ఇక నాకు జరిగిన పొరపాటు. చీకటి పడుతున్నకొద్దీ కెమెరా షట్టర్ వేగం తగ్గిస్తూ పోయి, చివరకు ఒక్కో ఫోటోకు నాలుగు సెకన్ల దాకా తీసుకుంది. పైగా లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉండిపోవడంతో ప్రతి ఫోటో తర్వాత మరో నాలుగు సెకన్లు కెమెరా పనిలోనే ఉండేది. టైమర్ 5 సెకన్లకు సంకేతం ఇచ్చినా అది అందుకోలేక ఒకటి విడిచి ఒకటి తీసింది. చివరి 16 నిమిషాల్లో 192 రావలసిన చోట 96 మాత్రమే వచ్చాయి. ఇంటికొచ్చి చూస్తే 1104 ఫైలులు ఉన్నాయి, ఫైలు సమయాల మధ్య తేడా 5 నుండి 10 సెకన్లకు మారింది, క్లిప్పులో వంతెన దీపాలు వెలిగే వేళ ఉన్నట్టుండి వేగం రెట్టింపయింది. రెండోసారి నాయిస్ రిడక్షన్ ఆపేసి, షట్టర్ 2 సెకన్లు దాటకుండా హద్దు పెట్టి, ఆ పైన ఐఎస్ఓ పెరిగేలా వదిలేశాను. నా తీగ టైమర్‌లో ఇంకొక చిక్కు కూడా ఉంది: ఫోటోల సంఖ్య అడిగే N గడి 399 దాటదు. దానిని `--` వద్ద ఉంచితే ఆపేవరకు తీస్తూనే ఉంటుంది.

ఇంటి నిర్మాణానికి ఇవే సూత్రాలు పనిచేస్తాయి. 240 రోజులు, రోజుకు 10 గంటలు అనుకుంటే, 15 నిమిషాలకు ఒకటి చొప్పున 9600 ఫ్రేములు, అంటే 6 నిమిషాల 24 సెకన్లు వస్తాయి. 6 ఎంబీ జేపెగ్‌లకే 57.6 జీబీ పడుతుంది కనుక కార్డును నెలకొకసారి ఖాళీ చేయండి. అయితే స్లాబ్ వేసే రోజున 15 నిమిషాల విరామం పనికిరాదు. ఎనిమిది గంటల పనికి 32 ఫ్రేములే వచ్చి ఒక్క సెకనులో స్లాబ్ అయిపోతుంది. ఆ ఒక్క రోజుకు విరామాన్ని 30 సెకన్లకు తగ్గిస్తే 960 ఫ్రేములు, 38 సెకన్ల దృశ్యం దక్కుతుంది. మర్నాడు టైమర్‌ను మళ్లీ 15 నిమిషాలకు మార్చండి.