మార్ఫిన్ వాడితే బానిసవుతారా? టాలరెన్స్, డిపెండెన్స్, అడిక్షన్ మధ్య తేడా

ప్రశ్న: మాది విజయవాడ. అమ్మకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. నొప్పికి డాక్టర్ మార్ఫిన్ మాత్రలు రాశారు, ఈమధ్య మోతాదు కూడా పెంచారు. ఇంట్లో వాళ్లు "అది మత్తుమందు, బానిసైపోతుంది, ఆపించు" అంటున్నారు. టాలరెన్స్, డిపెండెన్స్, అడిక్షన్ అని మూడు మాటలు వింటున్నాను. మూడూ ఒకటేనా?

జవాబు:

ఒకటి కాదండీ. మొదటి రెండూ మందుకు శరీరం సర్దుకోవడం వల్ల వచ్చేవి. మూడోది మనిషి ప్రవర్తనకు సంబంధించిన జబ్బు. మీ అమ్మగారి మాత్రలు మాత్రం మీరుగా ఆపకండి. ఎందుకో చెబుతాను.

గుంటూరులో మా నాన్నకు ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకినప్పుడు ఆయన మాత్రల వేళలు చూసుకున్నది నేనే. నేను డాక్టర్‌ను కాను. దగ్గరుండి చూసినవి, పాలియేటివ్ కేర్ డాక్టరుగారు ఓపిగ్గా విడమరిచి చెప్పినవి రాస్తున్నాను.

నాన్నకు 10 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు గంటలకొకటి చొప్పున మొదలుపెట్టారు. అర్ధరాత్రి లేపనక్కర లేకుండా పడుకునే ముందు రెండు మాత్రలు ఒకేసారి వేయమన్నారు. మొదటి రెండు మూడు రోజులు ఆయన అన్నం ముందు కూర్చునే కునికిపాట్లు పడ్డారు, కడుపులో తిప్పిందన్నారు. వారం తిరక్కుండానే అదే మోతాదు మీద తెల్లవారుజామున లేచి పేపరు చదవడం మొదలుపెట్టారు. టాలరెన్స్ అంటే ఇదే. మందు అదే, మోతాదూ అదే, కానీ ఒంటి మీద దాని ప్రభావం తగ్గింది. మార్ఫిన్ వచ్చి అతుక్కునే నాడీకణాలు పదే పదే దాని తాకిడికి గురై, మునుపటంత గట్టిగా స్పందించడం మానేస్తాయి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. టాలరెన్స్ అన్ని ప్రభావాలకూ ఒకేలా రాదు. మగత, వికారం విషయంలో త్వరగా వస్తుంది. మలబద్ధకం విషయంలో దాదాపు రాదు. అందుకే మార్ఫిన్ వాడినన్నాళ్లూ రోజూ విరేచనం సాఫీగా కావడానికి వేరే మాత్ర వేయాల్సిందే. మీ అమ్మగారికి అది రాశారో లేదో ఈరోజే చూడండి.

మోతాదు పెంచిన ప్రతిసారీ దానికి టాలరెన్సే కారణం అనుకోకూడదు. నాన్నకు ఒక దశలో ఒక్కో వేళకు 20 మిల్లీగ్రాములు చేశారు. మా బాబాయి "చూశావా, మందు పనిచేయడం మానేసింది, ఇక పెంచుకుంటూ పోవడమే" అన్నారు. స్కాన్ తీస్తే వెన్నులో కొత్త మచ్చ కనిపించింది. నొప్పి పెరిగింది కాబట్టి మందు పెరిగింది, అంతే. క్యాన్సర్ రోగుల్లో మోతాదు పెరగడానికి తరచుగా కారణం జబ్బు ముదరడమే.

ఇక డిపెండెన్స్. ఆ కొత్త మచ్చకు రేడియేషన్ ఇచ్చాక కొద్ది వారాల్లో నొప్పి బాగా తగ్గింది. నాన్న "నొప్పి లేనప్పుడు ఈ మాత్రలెందుకు?" అని ఒక సాయంత్రం నుంచి తనంతట తానే మానేశారు, మాకెవరికీ చెప్పలేదు. మర్నాటికి ఆగకుండా ఆవలింతలు, ముక్కు కారడం, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం. ఆ తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. రాత్రంతా నిద్ర లేక అటూ ఇటూ దొర్లారు. కంటిపాపలు వెడల్పయ్యాయి. బాబాయి "బానిసైపోయాడు" అని తేల్చేశారు.

డాక్టరుగారు ఫోన్లో విని చెప్పిన మాట నాకు ఎంతో ఊరటనిచ్చింది. మార్ఫిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది, మగతనిస్తుంది, కంటిపాపను చిన్నది చేస్తుంది. వారాల తరబడి అలా జరుగుతుంటే నిలదొక్కుకోవడానికి శరీరం అటువైపు నుంచి బలంగా లాగుతూ ఉంటుంది. తాడు లాగుడు పోటీలో ఒక జట్టు ఉన్నట్టుండి తాడు వదిలేస్తే రెండో జట్టు వెనక్కి పడుతుంది చూడండి, సరిగ్గా అదే. అందుకే మలబద్ధకం ఉన్నచోట విరేచనాలు, మగత ఉన్నచోట నిద్రలేమి, చిన్న కంటిపాప ఉన్నచోట పెద్ద కంటిపాప. మార్ఫిన్‌ను కొన్ని వారాలు క్రమం తప్పకుండా వాడిన వారిలో ఈ డిపెండెన్స్ ఏదో ఒక మేరకు వస్తుంది. ఏళ్ల తరబడి ప్రెడ్నిసొలోన్ వాడిన ఆస్తమా రోగి, అటెనొలాల్ వాడే గుండె రోగి కూడా ఒక్కసారిగా మానేస్తే ప్రమాదంలో పడతారు. వాళ్లను మనం బానిసలని అనం కదా.

మళ్లీ వేళకు 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టించారు. పాత మోతాదులో సగమే అయినా మాత్రలు మళ్లీ పడ్డ రోజే విరేచనాలు తగ్గాయి, ఆ రాత్రి నిద్రపోయారు. తర్వాత కొద్ది రోజులకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తూ, చివర్లో మాత్రను సగం చేసి ఇచ్చి, కొన్ని వారాల్లో పూర్తిగా ఆపించారు. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా మాత్ర కావాలని అడగలేదు. అసలు మొదట మానేసింది కూడా ఆయనే. డిపెండెన్స్ ఉండి అడిక్షన్ లేకపోవడమంటే అదే.

అడిక్షన్ ఎలా ఉంటుందో మా బంధువుల అబ్బాయి ఒకరిలో చూశాను. విజయవాడ ఆటోనగర్‌లో పని. బండి మీద నుంచి పడి కాలు విరిగితే ట్రమడాల్ వాడారు. కాలు అతుక్కుంది, నొప్పి పోయింది, మాత్ర మాత్రం పోలేదు. చీటీ లేకుండా ఇచ్చే దుకాణం కోసం తిరగడం, ఇంట్లో అబద్ధాలు, పనికి ఎగనామం. ట్రమడాల్ ఎక్కువైతే మూర్ఛ రావచ్చు. ఆయనకు వచ్చింది కూడా. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్లీ అదే మాత్ర. అడిక్షన్‌ను గుర్తించేది ఇక్కడే: మానాలనుకున్నా మానలేకపోవడం, ఎప్పుడూ దాని ధ్యాసే, కళ్ల ముందు నష్టం కనిపిస్తున్నా ఆగలేకపోవడం. డీ-అడిక్షన్ కేంద్రంలో ఉండగా వణుకు, విరేచనాలు అన్నీ తగ్గిపోయాయి. శరీరం కోలుకున్నా, ఇంటికొచ్చాక కోరిక మళ్లీ తలెత్తింది. ఆయన ఇంకా చికిత్సలోనే ఉన్నారు.

అలాంటి వారికి ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. మానేసిన కొద్ది రోజుల్లోనే టాలరెన్స్ పడిపోతుంది. పాత మోతాదు తట్టుకోగలననుకుని వేసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. మార్ఫిన్ మానేసిన క్యాన్సర్ రోగికి మళ్లీ నొప్పి వచ్చినా ఇదే వర్తిస్తుంది, పాత చీటీ చూసి ఇంట్లో ఇవ్వకూడదు.

మానసిక వైద్యులు వ్యాధి నిర్ధారణకు వాడే డీఎస్ఎమ్-5 (2013) కూడా ఈ తేడాను పాటిస్తుంది. డాక్టర్ పర్యవేక్షణలో చెప్పినట్టే మందు వాడుతున్నవారిలో కనిపించే టాలరెన్స్‌ను, మందు ఆపినప్పుడు వచ్చే బాధలను వ్యసన లక్షణాలుగా లెక్కించదు.

అలాగని క్యాన్సర్ రోగికి అడిక్షన్ రానే రాదని చెప్పను. అమ్మగారికి గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ మద్యం లేదా మాత్రల వ్యసనం ఉండి ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, మాత్రలు బీరువాలో తాళం వేసి పెట్టండి. ఆమె వేళ కాకముందే మాత్ర అడిగితే వెంటనే అనుమానించకండి. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, పదిలో ఎంత అని అడిగి, వేళతో సహా నోటుపుస్తకంలో రాసి డాక్టర్‌కు చూపించండి. మోతాదు చాలని మనిషి కూడా అలాగే అడుగుతారు. సరిపడా ఇస్తే ఆ అడగడం ఆగిపోతుంది. లేపినా లేవనంత మగత, శ్వాస బాగా మందగించడం కనిపిస్తే మాత్రం తర్వాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మార్ఫిన్ ప్రతి మందుల దుకాణంలో దొరకదు, అనుమతి ఉన్న చోట్లే ఇస్తారు. కాబట్టి సంక్రాంతి లాంటి వరుస సెలవులకు ముందే మాత్రలు లెక్కపెట్టుకుని తెచ్చుకోండి.